సభ్యుల ఖాతా వివరాలు యంత్రంవారికి అప్పగించే ముందు

పాలు తూచి, వెన్నశాతం చూసి, డబ్బు లెక్కకట్టే కంప్యూటర్ యంత్రాన్ని సంఘం పెట్టించుకున్నప్పుడు సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు కూడా యంత్రం సరఫరాదారు చేతికి వెళ్తాయి. అందుకే ఒప్పందానికి ముందే పాలకవర్గం వారికి ప్రశ్నావళి పంపాలి. "వివరాలు భద్రమేనా?" అని అడిగితే ఎవరైనా "అవును" అనే రాస్తారు. పని ఎలా జరుగుతుందో అడిగి, రుజువు చూడాలి.

ఎమ్మిగనూరు దగ్గర ఒక సంఘంలో ఒక సభ్యురాలి ఖాతా నంబరు యంత్రంలో మారిందనుకుందాం. ఆమె పాల డబ్బు వేరొకరి ఖాతాలో పడుతుంది. మార్చినది మన కార్యదర్శా, ఆదోనిలో కూర్చున్న కంపెనీ మనిషా? అందరూ ఒకే పాస్‌వర్డ్ వాడుతుంటే ఎప్పటికీ తేలదు. కాబట్టి ప్రశ్న ఇలా ఉండాలి: "ఖాతా నంబరు ఎవరెవరు మార్చగలరు? మార్చినవారి పేరు, తేదీ, పాత నంబరు నమోదవుతాయా?" జవాబు వచ్చాక ఒక నంబరు మన ఎదుటే మార్పించి, ఆ నమోదు చూపమనండి. చూపలేకపోతే ఆ "అవును" చెల్లదు.

మరి మూడు అడగండి. వివరాలు ఇంకెవరి చేతికి పోతాయి? బయటికి పొక్కితే ఎన్ని గంటల్లో మనకు చెబుతారు? ఒప్పందం ముగిశాక మనకు తిరిగి ఇచ్చి, తమ వద్ద తుడిచివేస్తారా? ఆధార్ కోరితే ఎందుకో అడగండి. వెన్నశాతం చూడడానికి అది అక్కరలేదు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, సరఫరాదారు చేసిన పనికి కూడా వివరాలు అప్పగించినవారే జవాబుదారీ. కనుక జవాబులను ఒప్పందానికి జతచేసి సంతకం చేయించండి.