ఒకే భాగానికి రెండు పేర్లా?

ప్రశ్న: ప్రెషర్ కుక్కర్ మాన్యువల్ తెలుగు అనువాదాన్ని రెండుసార్లు చదివి దిద్దాను. అయినా తప్పులున్నాయంటున్నారు. ఎలా సరిచూడాలి?

జవాబు: వరసగా చదవడమే కారణం. ఒక పేజీలో ‘గ్యాస్కెట్’, మరోచోట ‘రబ్బరు రింగు’ అని ఉన్నా విడివిడిగా రెండు వాక్యాలూ సరైనవే. కొన్నవారు మాత్రం అవి రెండు భాగాలనుకుంటారు. అందుకే మూడు విడతలుగా చూడండి. మొదట బొమ్మలోని ప్రతి భాగానికీ ఒకే పేరు ఖాయం చేయండి. మిగతా పేర్లను వెతికి ఒక్కొక్కటిగా మార్చండి. ఒకేసారి మార్చేస్తే విభక్తులు చెడతాయి. తరువాత అంకెలనూ కొలతలనూ మూలంతో పోల్చండి, ‘మి.లీ.’, ‘ఎంఎల్’ కలపకండి. చివరగా క్రియలు: ‘తెరవండి’, ‘తెరవాలి’లలో ఒక్కటే ఉంచండి. అదే మాట పదేపదే వస్తే విసుగు కాదా అనిపించవచ్చు. కథలో విసుగే, సూచనల్లో అదే స్పష్టత. ఆవిరి, వాల్వు హెచ్చరికల్లో మూలమే అస్పష్టంగా ఉంటే ఊహించి దిద్దకండి. తయారీ సంస్థ ఇంజనీరును నేరుగా అడగండి.