ఇరవయ్యో తేదీ ఇంటర్వ్యూ

అమ్మలూ,

నువ్వు పంపిన రెండు చిత్తుప్రతులూ చదివాను. మొదటిది మూడే ముక్కలు: వ్యక్తిగత కారణాల వల్ల ఇంటర్వ్యూకి రాలేకపోతున్నాను, దయచేసి మరో రోజుకి మార్చండి, ధన్యవాదాలు. రెండోది పేజీన్నర. అందులో నీ మేనేజరు కోపం, ఇద్దరు సరఫరాదారులు బిల్లులు అప్‌లోడ్ చెయ్యకపోవడం, ఇన్‌పుట్ క్రెడిట్‌లో తేలని తేడా అన్నీ ఉన్నాయి. ఆ రెండూ పంపకు. ఇరవై ఏళ్ళు ఫ్యాక్టరీ అకౌంట్స్‌లో మనుషుల్ని ఎంచినవాణ్ణి కాబట్టి, అలాంటి ఉత్తరం టేబుల్‌కి అవతలి వైపు ఎలా కనిపిస్తుందో చెబుతాను.

నీ ఇబ్బంది చిన్నదేమీ కాదు. ఇంటర్వ్యూ 20వ తేదీ గురువారం పదకొండింటికి. జీఎస్‌టీఆర్-3బి గడువూ అదే రోజు. పద్నాలుగున 2బి వచ్చాక కొనుగోళ్ళ రిజిస్టరుతో సరిచూడడం, పన్ను లెక్క తేల్చి చలాను కట్టించడం, డైరెక్టరు గారి డిజిటల్ సంతకం పెట్టించడం నీ మీదే ఉన్నాయంటున్నావు. ఆలస్యమైతే రోజుకి 50 రూపాయల రుసుము పెద్ద లెక్క కాదు. కట్టాల్సిన పన్ను నిలిచిపోతే ఏడాదికి 18 శాతం చొప్పున పడే వడ్డీతోనే మీ ఆఫీసులో గొడవ. అయినా ఇదంతా నీ ఉత్తరంలోకి ఎక్కకూడదు. అకౌంట్స్ ఉద్యోగానికి మనిషిని వెతుకుతున్న మేనేజరుకి ఇరవయ్యో తేదీ అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ రోజు ఆయన బల్ల కూడా ఖాళీగా ఉండదు. బహుశా క్యాలెండర్‌లో ఖాళీ గడి కనబడగానే హెచ్‌ఆర్ అమ్మాయి ఇన్వైట్ పెట్టేసి ఉంటుంది. నీ మెయిల్ ముందు చదివేదీ ఆ అమ్మాయే. అందుకే అకౌంట్స్ తెలియని మనిషికి అర్థమయ్యేలా ఒక్క వాక్యంలో కారణం చెప్పు: ఆ రోజు మా కంపెనీ నెలవారీ జీఎస్‌టీ రిటర్న్‌కి ఆఖరి తేదీ, దాఖలు చేసే బాధ్యత నాది. అంతకు మించి ఒక్క ముక్క ఎక్కువ రాసినా మీ కంపెనీ గుట్టు బయటికి పోతుంది. తేడా ఎంత, ఎవరి బిల్లులు రాలేదు అన్నవి చదివితే, రేపు మా లెక్కలూ ఇలాగే ఇంకొకరికి చెబుతుందేమో అనుకుంటాడు అవతలాయన. నేనైతే అలాగే అనుకునేవాణ్ణి.

‘వ్యక్తిగత కారణాలు’ అన్న మాటతో వచ్చిన తంటా వేరు. అబద్ధం కాకపోయినా అది ఏమీ చెప్పదు. ఏమీ చెప్పని మాటని చదివేవాడు తనకి తోచిన దానితో నింపుకుంటాడు. ఇంకో చోట ఇంటర్వ్యూ ఉందేమో, అసలు ఇష్టం లేదేమో అని. జ్వరమని రాసే ఆలోచన మాత్రం పెట్టుకోకు. ఒకసారి ఒకతను జ్వరమని వాయిదా అడిగాడు, ఇచ్చాం. వారం తర్వాత ఇంటర్వ్యూలో తన సామర్థ్యం చెప్పమంటే, కిందటి వారం ఫలానా రోజు రాత్రి పదింటిదాకా కూర్చుని ఒక్కణ్ణే రిటర్న్ వేశానని గర్వంగా చెప్పాడు. అది జ్వరం వచ్చిన రోజే. మేం నలుగురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. పాపం, అతనికి పని బాగానే వచ్చు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. వాయిదా అడిగే ఉత్తరంలో కారణం కంటే బరువైనది కొత్త సమయం. రెండో చిత్తులో ‘ఆ తర్వాత ఎప్పుడైనా సరే’ అని రాశావు, అది మర్యాద అనుకుని. ఆ మాటతో పనంతా మళ్ళీ ఆ అమ్మాయి నెత్తిన పడుతుంది. మేనేజరు, ఇంకో ఇద్దరు, ముగ్గురి ఖాళీలూ కలిసే గంట కోసం వెతకాలి, దొరికాక నీకు కుదురుతుందో లేదో మళ్ళీ అడగాలి. అదే నువ్వు రోజు, తేదీ, గంటతో సహా రెండు మూడు సమయాలు ఇచ్చావనుకో, ఆమె ఒకటి ఎంచుకుని ఇన్వైట్ మార్చేస్తుంది.

ఆ సమయాలు ఎంచడంలోనూ నువ్వు తొందరపడ్డావు. 21వ తేదీ ఉదయం పదింటికైనా వస్తానని రాశావు. పోర్టల్ మొరాయిస్తే? 2025 జనవరిలో ఇలాగే ఇబ్బంది వచ్చి 3బి గడువు ఇరవై నుంచి ఇరవై రెండుకి జరిపారు. అలా జరిగితే నీ పని కూడా జరుగుతుంది, 21న మళ్ళీ వాయిదా అడగాల్సి వస్తుంది. మొదటిసారి అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. రెండోసారి అడిగితే, తప్పు పోర్టల్‌దే అయినా లెక్క నీ ఖాతాలోనే రాసుకుంటారు. అందుకని శుక్రవారం వదిలెయ్. 24 సోమవారం నుంచి ఇవ్వు.

మెయిల్ నువ్వు ఇంగ్లిష్‌లోనే రాస్తావు కాబట్టి పొందిక మాత్రం తెలుగులో చెబుతున్నాను. ఇన్వైట్ వచ్చిన మెయిల్‌కే జవాబుగా, అందులో ఉన్న అందరికీ వెళ్ళేలా పంపు.

“20వ తేదీ గురువారం ఉదయం 11 గంటల ఇంటర్వ్యూకి పిలిచినందుకు ధన్యవాదాలు. ఆ రోజు మా కంపెనీ నెలవారీ జీఎస్‌టీ రిటర్న్‌కి ఆఖరి తేదీ, దాఖలు చేసే బాధ్యత నాది. అందువల్ల ఇంటర్వ్యూని కింది సమయాల్లో ఒకదానికి మార్చగలరా: 24 సోమవారం ఉదయం 10 నుంచి 1 లోపు, 25 మంగళవారం మధ్యాహ్నం 3 తర్వాత, 26 బుధవారం ఉదయం 10 నుంచి 12 లోపు. ఇవేవీ కుదరకపోతే 20నే సాయంత్రం 6 తర్వాత వీడియోలో మాట్లాడగలను. మీ ఏర్పాట్లకి కలిగిన ఇబ్బందికి మన్నించండి.” కింద నీ పేరు, ఫోన్ నంబరు, ఏ ఉద్యోగానికో ఆ పేరు.

సాయంత్రం ఆరు అన్న వాక్యం నిజంగా కుదిరితేనే ఉంచు. మీ డైరెక్టరు సంతకం ఏ రాత్రికో గానీ పెట్టరనుకుంటే తీసెయ్. మన్నించమనడం ఒక్కసారి చాలు, నీ చిత్తులో నాలుగుసార్లు ఉంది. ఇంకో మాట, ఇది ఆఫీసు ల్యాప్‌టాప్ నుంచి పంపకు. ఇన్వైట్‌ని ఆఫీసు క్యాలెండర్‌లో పెట్టుకున్నావేమో కూడా చూసుకో. మీ మేనేజరుకి ఆ క్యాలెండర్ కనబడుతుందని నువ్వే చెప్పావు ఓసారి.

ముందే ఒకటి తేల్చుకో. వాళ్ళు కుదరదంటే ఏం చేస్తావు? రెండు దారులున్నాయి. పంతొమ్మిది రాత్రికే రిటర్న్ సిద్ధం చేసి గంటన్నర సెలవు పెట్టి వెళ్ళడం ఒకటి, ఈ ఉద్యోగం వదులుకోవడం రెండోది. నాకైతే మొదటిది అసాధ్యంగా కనిపించడం లేదు. సరిచూసే పని ఈ రోజు నుంచే మొదలెడితే పంతొమ్మిదికి చలాను దాకా వస్తావు. ఏది ఎంచుకున్నా మెయిల్ పంపకముందే ఎంచుకో. కుదరదన్న జవాబు చూసి అప్పుడు ఆలోచిస్తే రెండు రోజులు మాట్లాడకుండా కూర్చుంటావు, నీ సంగతి నాకు తెలుసు.

ఇవాళ శుక్రవారం. ఈ సాయంత్రమే పంపితే వాళ్ళ చేతిలో మూడు పనిదినాలు ఉంటాయి. వాళ్ళు అవునన్న జవాబు పంపేదాకా 20 పదకొండు గంటల ఇంటర్వ్యూ అలాగే ఉన్నట్టే లెక్క. మెయిల్ పంపేశాను కదా అని అది మారిపోయిందనుకోకు. ఇన్వైట్‌లో డిక్లైన్ బటన్ నొక్కకు. దాన్ని రానన్న మాటగా తీసుకుంటారు. కొత్త ఇన్వైట్ వస్తే తేదీ, ఉదయమో సాయంత్రమో చూసుకుని అంగీకరించు. సోమవారం సాయంత్రానికి కూడా జవాబు లేకపోతే ఫోన్ చెయ్యి, నాకు కాదు, ఆ హెచ్‌ఆర్ అమ్మాయికి.

మీ అత్తయ్య అడిగినట్టు చెప్పమంది.

నీ మావయ్య