తప్పు నంబరుకు వెళ్ళిన సొమ్ము

ఒక విద్యార్థి హాస్టలు బకాయి 18,500 రూపాయలను నెఫ్ట్ ద్వారా మెస్సు ఖాతాకు పంపాడనుకొందాం. ఖాతా నంబరు చివర 4762 అని ఉండవలసింది 4726 అని కొట్టాడు. పేరు మాత్రం సరిగ్గానే వ్రాశాడు. "పేరు సరిగా ఉంది కదా, బాంకువాళ్ళు ఆ మాత్రం చూసుకోరా?" అని మనలో చాలామంది అనుకొంటాం. చూసుకోరు. ఖాతా నంబరు ఒక్కదాన్నిబట్టే సొమ్ము జమ చేయవచ్చుననీ, నంబరు సరిగా ఇచ్చే బాధ్యత పంపేవానిదేననీ 2010 అక్టోబరులో రిజర్వు బాంకు స్పష్టం చేసింది. కోట్ల లావాదేవీలలో ఒకే పేరును ఒకడొక రకంగా, ఇంకొకడు ఇంకో రకంగా వ్రాస్తూంటే యంత్రం పోల్చలేదు. అంకెల్లో ఆ చిక్కు లేదు.

ఇక ఆ సొమ్ము ప్రయాణం చూద్దాం. నెఫ్ట్‌లో అరగంటకొక విడతగా, రోజుకు 48 విడతల్లో లెక్కలు పరిష్కారమవుతాయి. 2019 డిసెంబరు నుంచి రాత్రీ, సెలవూ అన్న తేడా కూడా లేదు. మనవాడు ఉదయం 10.10కి పంపినది 10.30 విడతలో వెళ్ళిందనుకొంటే, అందుకొన్న బాంకు రెండు గంటల్లోగా, అంటే 12.30 లోపల, దాన్ని జమ అయినా చేయాలి, తిప్పి అయినా పంపాలి. 4726 అనే ఖాతా అసలు లేకపోతే సొమ్ము దానంతటదే వెనక్కి వస్తుంది. ఎవరినీ అడగనక్కరలేదు. కొన్ని బాంకుల నంబర్లలో ఒక అంకె తక్కినవాటినిబట్టి లెక్కకట్టి పెట్టినది కావడంవల్ల, ఒక అంకె తప్పితే చాలావరకు అలాంటి ఖాతాయే ఉండదు. ఆ అదృష్టం ప్రతిసారీ పట్టదు.

ఇక్కడొక మోసకారి సంగతి ఉంది. "మీ సొమ్ము జమ అయినది" అని ఫోనుకు సందేశం వస్తుంది. మనవాడు నిశ్చింతగా ఉంటాడు. ఆ సందేశానికి అర్థం, మీరిచ్చిన నంబరులో జమ అయిందని మాత్రమే. మీరు తలచిన మనిషికి చేరిందని కాదు. మెస్సు కార్యదర్శి వారం తరువాత "ఏమయ్యా, బకాయి ఎప్పుడు కడతావు?" అని అడిగినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. ఆ వారం రోజులూ వృథా.

అప్పుడు చేయవలసిన పని, తన బాంకులో వ్రాతపూర్వకంగా రీకాల్ కోరడం. పంపిన తేదీ, మొత్తం, యు.టి.ఆర్. అనే లావాదేవీ నంబరు, పొరపాటున వ్రాసిన ఖాతా నంబరు, వ్రాయవలసిన నంబరు – ఇవన్నీ అందులో ఉండాలి. అందినట్టు రసీదు తీసుకోవాలి. మన బాంకు ఆ రెండవ బాంకుకు వ్రాస్తుంది. ఆ బాంకు తన ఖాతాదారును పిలిచి, "ఈ సొమ్ము పొరపాటున వచ్చిందట, తిరిగి ఇవ్వడానికి మీకు సమ్మతమేనా?" అని అడుగుతుంది. ఆయన సరేనని సంతకం పెడితే సొమ్ము వచ్చిన దారినే తిరిగి వస్తుంది.

పేరు రీకాలే గాని, ఇది ఆజ్ఞ కాదు, విన్నపం. జమ అయిన క్షణం నుంచి ఆ బాంకు ఆ మొత్తానికి తన ఖాతాదారుకు జవాబుదారీ. ఎవరో ఉత్తరం వ్రాశారని అతని ఖాతాలోంచి కోసివేస్తే, రేపు నిజంగా అమ్మిన సరుకుకు వచ్చిన డబ్బును కూడా కొన్నవాడు "పొరపాటు" అని వెనక్కి లాగవచ్చు. ఆయన చిరునామా మనకు చెప్పకపోవడానికీ కారణం ఇలాంటిదే. ఖాతాదారు గుట్టు కాపాడడం బాంకు విధి. విసుగు పుట్టించినా ఈ నియమం న్యాయమైనదేనని నా అభిప్రాయం.

ఆయన పలకకపోతే? లేక ఖర్చుపెట్టేసుకొంటే? 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 72వ సెక్షను ప్రకారం, పొరపాటున చెల్లింపు అందుకొన్నవాడు దాన్ని తిరిగి ఇవ్వవలసిందే. లాయరు నోటీసు, ఆపైన సివిలు దావా ఆ దారివి. పరాయి సొమ్మని తెలిసీ దురుద్దేశంతో వాడుకొంటే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షను కింద నేరం కూడా అవుతుంది. పోలీసు ఫిర్యాదుకు అదే ఆధారం. 18,500 రూపాయల కోసం కోర్టు మెట్లెక్కడం గిట్టుబాటా అన్నది వేరే ప్రశ్న. చాలామంది నోటీసుతోనే దిగివస్తారు. రీకాలు కోరినా మన బాంకు కాగితం కదల్చకుండా కూర్చొంటే, ముందు అదే బాంకులో ఫిర్యాదు ఇచ్చి, 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాసుకోవచ్చు. ఆ అధికారి బాంకు అలసత్వాన్ని విచారిస్తాడే గాని, మన చేతి పొరపాటును బాంకు నెత్తిన వేయడు.

2025 ఏప్రిల్ 1 లోగా ఏర్పాటు చేయాలని రిజర్వు బాంకు ఆదేశించిన సదుపాయం ఒకటి వచ్చింది. నెఫ్ట్, ఆర్‌టిజిఎస్‌లలో నంబరు కొట్టగానే ఆ ఖాతాదారు పేరు తెరమీద కనబడుతుంది. బాంకు శాఖకు వెళ్ళి పంపేవారు కూడా అడిగి చూసుకోవచ్చు. ఆ పేరు చూసి ఆగడమా, సాగడమా అన్నది మాత్రం పంపేవాడిదే. వేరే పేరు కనబడినా సరేనని నొక్కితే, 4762కు వెళ్ళవలసినది 4726కే వెళుతుంది.