పి.హెచ్. ఎలక్ట్రోడు: ఏడు దగ్గర అందరూ మంచివాళ్లే

గాంధీనగర్‌లో అద్దె గదిలో ఉంటూ చదువుకునే రోజుల్లో ప్రాజెక్టు కోసం హుస్సేన్‌సాగర్ నీటి పి.హెచ్. చూసే పని నా మీద పడింది. మధ్యాహ్నం కవాడిగూడ మీదుగా ట్యాంక్‌బండ్‌కు నడిచి వెళ్లడం, సీసా నిండా ఆకుపచ్చ నీళ్లు పట్టి లేబొరేటరీకి తేవడం, మీటరు చూసి నోట్సులో రాసుకోవడం. నెల రోజులూ ఎప్పుడు చూసినా 8.7కు అటూఇటూగానే వచ్చింది. ఇంత నిలకడగా వస్తోందంటే పని బాగా చేస్తున్నానని మురిసిపోయాను.

ఒకనాడు మా మాస్టారు పక్కన నిలబడి, "రోజూ ఏ బఫర్‌తో సరిచూస్తున్నావోయ్?" అని అడిగారు.

"ఏడుతోనండీ. ఎప్పుడు పెట్టినా సరిగ్గా ఏడే చూపిస్తుంది."

"ఏడు దగ్గర అందరూ మంచివాళ్లే! నాలుగులో పెట్టి చూడు" అన్నారాయన.

ఆయన మాటలోని కిటుకు ఇది. ఎలక్ట్రోడు కొలిచేది వోల్టేజీని. బఫర్ 7లో అది దాదాపు సున్నా. అక్కడి నుంచి ఒక్కో పి.హెచ్. అంకెకు, 25 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర, 59.2 మిల్లీవోల్టులు మారాలి. దీన్నే వాలు, అంటే స్లోపు అంటాం. ఎలక్ట్రోడు నీరసించినా 7 దగ్గర సున్నా సున్నాగానే ఉంటుంది కాబట్టి జబ్బు బయటపడదు. 7కు దూరం జరిగేకొద్దీ తప్పు పెరుగుతుంది. ఒక్క బఫర్‌తోనే సరిచేసిన మీటరు వాలు నిండుగా ఉందనుకొనే లెక్క కడుతుంది.

మీటరును మిల్లీవోల్టుల వైపు తిప్పి చూశాం. ద్రావణాలు 25 డిగ్రీల దగ్గరే ఉన్నాయి. బఫర్ 7లో -4, బఫర్ 4లో +150. తేడా 154. మూడు అంకెలకు 154 అయితే ఒక్క అంకెకు 51.3. దాన్ని 59.2తో భాగిస్తే 87 శాతం. 95 పైన ఉంటే నిశ్చింత, 90 లోపు దిగితే చికిత్స చెయ్యాలి. ఇక ఆనాటి చెరువు నీటిలో -107 వచ్చింది. అంటే 7 నుంచి 103 మిల్లీవోల్టుల దూరం. నిండు వాలుతో భాగిస్తే 8.74, అసలు వాలుతో భాగిస్తే 9.0! ఈ 9.0 కూడా అంచనాయే. నీరు 9 ప్రాంతంలో ఉన్నప్పుడు దానికి అటూ ఇటూ ఉండే 7, 9.2 బఫర్లతోనే మీటరును సరిచేయాలి.

ఇంకో లక్షణాన్ని కూడా నేను పట్టించుకోలేదు. ముల్లు నిలబడడానికి మూడు నాలుగు నిమిషాలు పట్టేది. చెరువు నీటి గుణమనుకున్నాను. బఫర్లో పెడితే అక్కడా అంతే జాగు! బఫర్లో చురుగ్గా ఉండి, వాన నీటి వంటి లవణాలు తక్కువున్న నీళ్లలో మాత్రమే ఆలస్యమైతే ఆ తప్పు నీటిది. బఫర్లోనూ ఆలస్యమైతే ఎలక్ట్రోడుదే.

కారణాలు రెండూ నా చేతివే. ఆకుపచ్చ నీటి జిడ్డును సరిగా కడగకపోవడం వల్ల గాజు బుడగ మీద పొర కట్టింది. పైగా శుభ్రంగా ఉంటుందని రాత్రుళ్లు స్వేదన జలంలో ఉంచేవాణ్ణి. స్వేదన జలం ఎలక్ట్రోడులోని పొటాషియం క్లోరైడును సన్నటి సందు గుండా మెల్లగా బయటికి లాగేస్తుంది, లోపలి ద్రావణం పలచబడుతుంది. అలాగని పొడిగా వదిలేసినా గాజు మీది తడి పొర ఎండి మొరాయిస్తుంది.

చికిత్స మాస్టారే చెప్పారు. పలచని సబ్బు నీటిలో ముంచి కడగాలి. తరువాత పదిహేను నిమిషాలు 0.1 నార్మల్ హైడ్రోక్లోరికామ్లంలో ఉంచి మళ్లీ కడగాలి. లోపలి ద్రావణం తీసేసి కొత్తది పొయ్యాలి. రాత్రంతా 3 మోలార్ పొటాషియం క్లోరైడులో నిలబెట్టాలి. 22.4 గ్రాముల లవణాన్ని స్వేదన జలంలో కరిగించి మొత్తం 100 మిల్లీలీటర్లకు తెస్తే ఆ ద్రావణం సిద్ధం. ఎప్పుడూ ఎలక్ట్రోడును దాచవలసింది కూడా అందులోనే. బుడగను గుడ్డతో రుద్దకూడదు, మెత్తని కాగితంతో తడి అద్దాలి. కొలిచేటప్పుడు పక్కనున్న రంధ్రం మూత తీసి ఉంచాలి. లోపలి ద్రావణం బయటి నీటి మట్టం కంటే పైన ఉండాలి.

మర్నాడు బఫర్ 7లో -2, బఫర్ 4లో +170 వచ్చాయి. వాలు 57.3, అంటే 97 శాతం. ముల్లు అర నిమిషంలో నిలబడింది.

మరి నెల రోజుల అంకెల మాటేమిటి? అన్నింటికీ 87 శాతం లెక్కన దిద్దుబాటు చేద్దామనుకున్నాను. "మొదటి రోజు కూడా 87 ఉందని నీకెవరు చెప్పారు?" అన్నారు మాస్టారు. నా దగ్గర జవాబు లేదు. నెల నోట్సు కొట్టేసి మళ్లీ సీసా పట్టుకుని ట్యాంక్‌బండ్ దారి పట్టాను. ఈసారి ప్రతి పేజీలోనూ నీటి విలువకు ముందు ఆనాటి వాలు రాశాను.