బంద్ చేయమని ఏ తారీఖున రాశారు?

కరీంనగర్‌లో ఒక సర్కారు ఆఫీసు తపాల్ సెక్షన్‌లో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. వచ్చిన ప్రతి కాయితానికి ఇన్‌వార్డ్ నంబరు వేయాలి, పోయే ప్రతి కాయితానికి ఔట్‌వార్డ్ నంబరు వేయాలి. నంబరు పడని కాయితం ఆఫీసు దృష్టిలో రానట్టే. అంత చేసినవాణ్ని, సొంత ఇంటి ఇంటర్నెట్ కనెక్షన్ బంద్ చేయించేటప్పుడు ఆ పద్ధతి మరిచిపోయాను. 2023లో జరిగిన ఆ సంగతిని, దాని నుంచి తెలుసుకున్నవాటిని వరుసగా చెబుతున్నాను. ఆ కంపెనీ పేరు చెప్పను. ఏ కంపెనీతోనైనా ఇలా జరగవచ్చు.

1. నోటిమాటకు తారీఖు ఉండదు

మోకాలి ఆపరేషన్ కోసం ఆదిలాబాద్‌లో ఉన్న బిడ్డ దగ్గరికి పోవలసి వచ్చింది. మంకమ్మతోటలోని ఇంటికి తాళం వేసి జూన్ రెండో వారంలో బయల్దేరాను. పోయే ముందు, నెలనెలా వచ్చి లైన్ చూసిపోయే పిల్లగాడికి చెప్పాను: "బాబూ, ఈ నెలాఖరుకు నెట్ బంద్ పెట్టించు, మేము ఊళ్లో ఉండం." "సరే సార్, ఆఫీసుల చెప్త," అన్నాడు. చెప్పాడనే అనుకుంటున్నాను. వాడిది తప్పనడం లేదు. అతను ఆ ఏరియా కాంట్రాక్టరు మనిషి, కంపెనీ ఉద్యోగి కాదు. ఖాతా మూసే అధికారం అతనికి లేదు.

నెలకు అద్దె 599 రూపాయలు, 18 శాతం జీఎస్టీ కలిపితే 707. ఆ సొమ్ము ఆటో డెబిట్‌లో జూలైలో పోయింది, ఆగస్టులో పోయింది. బ్యాంకు మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి కానీ నేను చూడలేదు. సెప్టెంబర్‌లో పాస్‌బుక్ ఎంట్రీ వేయించినప్పుడు గాని తెలియలేదు.

2. ఖాతా ఎవరి పేరున ఉందో, ఆ మెయిల్ నుంచే రాయాలి

బంద్ చేయమని కంపెనీకి నా మెయిల్ నుంచి రాశాను. ఈ మెయిల్ ఐడీ మా రికార్డులో లేదని రెండో రోజే జవాబు వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ కనెక్షన్ దోహాలో ఉండే మా కొడుకు ఆన్‌లైన్‌లో బుక్ చేసింది. మెయిల్ వాడిది, ఫోన్ నంబరు వాడిది, ఇల్లు నాది. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇళ్లల్లో ఇది మామూలే. గల్ఫ్‌లో ఉన్న కొడుకు అక్కడి నుంచే అన్నీ బుక్ చేస్తాడు, ఇక్కడ తల్లిదండ్రులు వాడుకుంటారు. వాడికి ఫోన్ చేస్తే, "బాపూ, ఏం రాయాల్నో చెప్పు, ఇప్పుడే పంపిస్త," అన్నాడు.

కంపెనీ మనల్ని గుర్తుపట్టేది ఖాతా నంబరుతో. బిల్లు పైభాగంలో కస్టమర్ ఐడీ అనో, అకౌంట్ నంబరు అనో ఉంటుంది. ఆ నంబరు, ఖాతాదారు పేరు, రిజిస్టరైన ఫోన్ నంబరు, కనెక్షన్ ఉన్న చిరునామా, ఈ నాలుగూ రాస్తే చాలు. బ్యాంకు ఖాతా నంబరు, ఆధార్, పాస్‌వర్డ్, ఓటీపీ మెయిల్‌లో రాయవద్దు. కనెక్షన్ తీసేయడానికి వాటి అవసరం లేదు.

చిరునామా దగ్గర మన జిల్లాల్లో ఒక చిక్కు ఉంది. మా బామ్మర్దిది మంచిర్యాల. నీళ్ల ఫిల్టర్ సర్వీసు ఒప్పందం 2015లో రాసుకున్నాడు, అప్పుడది ఆదిలాబాద్ జిల్లా. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చి మంచిర్యాల వేరు జిల్లా అయింది. అతను కొత్త చిరునామాతో రాస్తే వివరాలు సరిపోవడం లేదన్నారు. ఒప్పందంలో ఎట్లా ఉందో అట్లాగే రాసి, పక్కన ఇప్పటి జిల్లా పేరు చేర్చాలి.

3. "వెంటనే" అని రాయకండి, తారీఖు వేయండి

మొదటి మెయిల్‌లో నేను "వెంటనే నిలిపివేయగలరు" అని రాశాను. వెంటనే అంటే మనకు ఈ రోజు. వాళ్లకు, వాళ్లు ఆ మెయిల్ తెరిచిన రోజు. ఆ రెండింటి మధ్య ఒక బిల్లు పుట్టవచ్చు.

తారీఖు ఎట్లా లెక్కగట్టాలో చెబుతాను. ఒప్పందం షరతుల్లో రెండు సంగతులు వెతకండి: ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, బిల్లు ఏ రోజు నుంచి ఏ రోజు వరకు. నాకు నోటీసు 15 రోజులు, బిల్లు ఒకటో తారీఖు నుంచి నెలాఖరు వరకు. కొడుకు మెయిల్ పంపింది సెప్టెంబర్ 12న. దానికి 15 కలిపితే 27. ఆ నెల బిల్లు ఎట్లాగూ కట్టేశాం కనుక 30వ తారీఖు వేశాం. అదే మెయిల్ 20న పంపి ఉంటే 15 రోజులు అక్టోబర్ 5 దాకా పోయేవి, ఆ అయిదు రోజులకు కొత్త బిల్లు వచ్చేది. అందుకని నెల మొదటి పక్షంలోనే రాయడం మేలు. ఏడాదికి కుదుర్చుకున్న ఒప్పందమైతే గడువు ఎప్పుడు ముగుస్తుందో, మధ్యలో వదిలేస్తే ఏమైనా కట్టాలో కూడా అక్కడే చూసుకోవాలి. గడువు ముగిశాక దానంతటదే మరో ఏడాది సాగుతుందన్న షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది.

మేము పంపిన మెయిల్ ఇంగ్లీషులో ఉంది. దాని సారం ఇది:

"విషయం: కనెక్షన్ రద్దు నోటీసు, కస్టమర్ ఐడీ ఫలానా. పై ఖాతాను 2023 సెప్టెంబర్ 30 నుంచి రద్దు చేస్తున్నాను. షరతుల ప్రకారం 15 రోజుల నోటీసుగా ఈ మెయిల్‌ను తీసుకోగలరు. ఆ తేదీ తర్వాత ఏ బిల్లూ వేయవద్దు, ఏ సొమ్మూ తీసుకోవద్దు. రూటర్ ఎక్కడ అప్పజెప్పాలో తెలుపగలరు. రద్దయిన తేదీ, బకాయి ఏమీ లేదన్న మాట, డిపాజిట్ 1,000 రూపాయలు వాపసు వచ్చే తేదీ, ఈ మూడూ రాతపూర్వకంగా తెలియజేయగలరు."

అంతే. ఎందుకు మానుకుంటున్నామో రాయలేదు. కారణం రాస్తే దాన్ని తీర్చే మాటలు మొదలవుతాయి.

4. జవాబు అడగండి, కానీ దాన్ని షరతుగా పెట్టకండి

అన్నిటికంటే ముఖ్యమని నేననుకునేది ఇదే. 2000 సంవత్సరపు ఐటీ చట్టం 12వ సెక్షన్‌లో ఒక మాట ఉంది. పంపినవాడు "మీ నుంచి అందినట్టు జవాబు వస్తేనే ఈ మెయిల్ చెల్లుతుంది" అని రాసుకుంటే, ఆ జవాబు రానంత వరకు ఆ మెయిల్ అసలు పంపనట్టే లెక్క. అంటే "మీరు ధ్రువీకరించాక రద్దు అమల్లోకి వస్తుంది" అని మర్యాదకు రాసిన వాక్యం మన గొంతు మీదికే వస్తుంది. వాళ్లు ఊరుకుంటే చాలు. అందుకే "ఈ తేదీ నుంచి రద్దు చేస్తున్నాను" అన్నది ఒక వాక్యంగా, "ధ్రువీకరణ పంపగలరు" అన్నది వేరే వాక్యంగా ఉండాలి. రెండింటినీ ముడివేయకూడదు.

తర్వాతి 13వ సెక్షన్ మెయిల్ ఎప్పుడు చేరినట్టో చెబుతుంది. కంపెనీ ఇందుకని ఒక మెయిల్ ఐడీ చెప్పి ఉంటే, మన మెయిల్ అందులో పడిన క్షణమే చేరినట్టు. వేరే ఐడీకి పంపితే, వాళ్లు దాన్ని తీసి చూసినప్పుడే చేరినట్టు. కాబట్టి బిల్లు వెనకో, షరతుల్లోనో ఇచ్చిన ఫిర్యాదుల ఐడీకే రాయాలి. బిల్లు పంపే ఐడీ చాలాసార్లు జవాబులు తీసుకోదు.

పంపిన అయిదు నిమిషాలకు టికెట్ నంబరుతో ఒక జవాబు వస్తుంది. అది యంత్రం పంపింది, మా ఇన్‌వార్డ్ నంబరు లాంటిది. కాయితం చేరిందని అర్థం, పని అయిందని కాదు. ఖాతా నంబరు, రద్దయిన తేదీ రెండూ ఉన్న జవాబే ధ్రువీకరణ. మాకది నాలుగో రోజున గుర్తుచేస్తూ రెండో మెయిల్ పంపాక వచ్చింది. ఆ రెండో మెయిల్ కొత్తగా రాయలేదు. మొదటి దాని కిందనే జవాబుగా పంపాం, తారీఖులన్నీ ఒకే వరుసలో కనిపించేలా.

5. ఫోన్ వస్తే

మధ్యలో ఫోన్ వచ్చింది. మూడు నెలలు సగం ధరకే ఇస్తామన్నారు. పాపం, అవతలి అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. "చూద్దాంలే అమ్మా," అన్నాను. సాయంత్రానికి కొడుకు మెయిల్‌కు జవాబు: ఖాతాదారు కొనసాగడానికి ఒప్పుకున్నందున అభ్యర్థన మూసివేశాం. ఆ రాత్రే కొడుకు తిరిగి రాశాడు: ఈ రోజు వచ్చిన ఫోన్‌లో మేము కొనసాగుతామని చెప్పలేదు, 12వ తారీఖు నోటీసు అట్లాగే ఉంది. ఫోన్‌లో ఏం మాట్లాడినా అదే రోజు రెండు వాక్యాల్లో మెయిల్ చేయండి. "వద్దు" అనే చోట "చూద్దాం" అనకండి.

6. పెట్టె, ఆటో డెబిట్

రూటర్ మంకమ్మతోట ఇంట్లో, నేను ఆదిలాబాద్‌లో. కర్ర పట్టుకుని నిర్మల్, జగిత్యాల మీదుగా బస్సులో వచ్చి, రూటర్‌నూ అడాప్టర్‌నూ సంచిలో వేసుకుని వాళ్ల ఆఫీసులో అప్పజెప్పాను. రూటర్ వెనక సీరియల్ నంబరు ఉంటుంది. ఆ నంబరు రశీదులో రాసేదాకా కౌంటరు దగ్గరి నుంచి కదలలేదు. రశీదు ఫోటో కూడా అదే మెయిల్ వరుసలో పంపించాం.

ఆటో డెబిట్ వేరే సంగతి. దాన్ని ఆపేస్తే సొమ్ము పోవడం ఆగుతుంది, ఒప్పందం ఆగదు. బిల్లులు పుడుతూనే ఉంటాయి, తర్వాత బకాయి అని ఫోన్లు వస్తాయి. అందుకని ముందు మెయిల్, ఆఖరి బిల్లు తీరాక ఆటో డెబిట్ రద్దు. కార్డు మీద పెట్టుకున్న నెలవారీ చెల్లింపులకు 24 గంటల ముందు మెసేజ్ రావాలని, ఖాతాదారు ఎప్పుడైనా వాటిని ఆపుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు నిబంధన. 2021 అక్టోబర్ 1 నుంచి బ్యాంకులు దాన్ని పాటిస్తున్నాయి. నేను చూడక వదిలేసిన మెసేజ్‌లు అవే.

7. వినకపోతే

టెలిఫోన్, ఇంటర్నెట్ కంపెనీల్లో ఫిర్యాదుల కేంద్రం మీద అప్పిలేట్ అథారిటీ ఉంటుంది. అక్కడికి పోవాలంటే మొదటి ఫిర్యాదు నంబరు కావాలి. 1915 నంబరుకు చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ పలుకుతుంది. ఆన్‌లైన్ చందాల విషయంలో ఇంకో ఆసరా ఉంది. చేరడం ఒక్క నొక్కుతో, మానుకోవడం పది మెట్లతో పెట్టే పద్ధతిని 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నిషేధించిన 13 మోసపు పద్ధతుల్లో చేర్చారు. చివరికి జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం కంపెనీ ఆఫీసు ఏ నగరంలో ఉన్నా, మనం నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. గడువు రెండేళ్లు. మెయిల్ వరుసను మాత్రం చెరపకండి, అక్కడ అడిగేది అదే.

నాకు అంత దూరం పోవలసిన పని పడలేదు. కనెక్షన్ సెప్టెంబర్ 30న ఆగింది. డిపాజిట్ వెయ్యి రూపాయలు నవంబర్ మూడో వారంలో కొడుకు ఖాతాలో పడ్డాయి. జూలై, ఆగస్టు నెలల 1,414 రూపాయలు మాత్రం తిరిగి రాలేదు. సెప్టెంబర్ 12కు ముందు రాతపూర్వకంగా ఏమైనా పంపారా అని అడిగారు. పంపలేదు.