రిపేరు బిల్లు ఇచ్చే రోజే అడగాలి

ఫిబ్రవరి నుంచి గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు పోటెత్తుతాయి. ధర నచ్చని రైతు సరుకును కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. ఏప్రిల్, మే ఎండల్లో గదులన్నీ నిండి ఉన్నప్పుడే కంప్రెసర్ మొరాయిస్తుంది, అర్ధరాత్రి మెకానిక్‌కు ఫోనొస్తుంది. ఆ నెలల్లో అతనికి నిద్రుండదు. నవంబరులో చేతిలో పనుండదు. చేసిన పనికి డబ్బులు తీసుకుని వెళ్లిపోయే వాడి బతుకు ఏటా ఇంతే.

దీన్నుంచి బయటపడే దారి నెలవారీ ఒప్పందం. ముందే మాట్లాడుకుని పనిచేయడం మనకు కొత్తేం కాదు. పల్లెల్లో వడ్రంగి, కమ్మరి ఏడాది పొడవునా నాగళ్లు బాగుచేసి, కళ్లంలో మేర గింజలు కొలిపించుకునేవారు. అందులో కులం కట్టుబాటు ఉంది, అది తిరిగి రావాలని ఎవరూ కోరుకోరు. లెక్క మాత్రం గమనించదగ్గది: పాత నాగలి మరమ్మతు మేరలోకి వచ్చేది, కొత్త బండి చేయిస్తే కూలి వేరు. ఏది లోపల, ఏది బయట అన్నది ఇద్దరికీ ముందే తెలుసు. ఇవాళ్టి ఒప్పందాలు ఎక్కువగా చెడేది అక్కడే.

స్టోరేజీ షావుకారును ఒప్పందం అడగడానికి మంచి సమయం మరమ్మతు పూర్తై, గది మళ్లీ చల్లబడి, బిల్లు చేతికిచ్చే రోజు. అప్పటికి భయం ఇంకా తాజాగా ఉంటుంది. కానీ భయపెట్టి అడిగితే మర్నాటికి మనసు మారుతుంది, కాబట్టి ఒక ఆధారం చూపాలి. అమ్మోనియా యంత్రాన్ని విప్పినప్పుడల్లా లోపల కాస్త గాలి చేరుతుంది. అది పోయి కండెన్సర్‌లో కూర్చుంటుంది. కంప్రెసర్ ఆపి, కండెన్సర్ మీద నీళ్లు అలాగే పారనిచ్చి, ఒత్తిడి నిలకడకు వచ్చాక గేజీ చూడాలి. అక్కడ వేడి 35 డిగ్రీలుంటే ముల్లు 180 పౌన్ల దగ్గర ఆగాలి. 200 దగ్గర ఆగిందంటే గాలి ఉన్నట్టే. ఆ అదనపు ఒత్తిడి మీద పనిచేసినంత కాలం మోటారు ఎక్కువ కరెంటు తాగుతుంది. వచ్చే నెల బిల్లు కట్టేది షావుకారే కదా! గాలి తీసేటప్పుడు గొట్టం కొస నీళ్ల బకెట్లో ముంచి ఆయనకు చూపించండి. గాలైతే బుడగలు పైకి తేలతాయి, అమ్మోనియా అయితే నీళ్లలోనే కలిసిపోతుంది. అరగంట ఉపన్యాసం కంటే ఆ బకెట్ ఎక్కువ చెబుతుంది.

ఆపైన ఆయన అడిగే మాట ఒకటే: “ఏమయ్యా, మిషను బాగున్న నెల కూడా నీకు డబ్బులెందుకివ్వాలి?”

దీనికి జవాబు కాగితం మీద ఉండాలి. గత ఏడాది ఆయన ఐదుసార్లు పిలిచి, సారికి 9,000 చొప్పున 45,000 ఇచ్చాడనుకుందాం. ఇప్పుడు నెలకోసారి చూసిపోవడానికి 1,500 వేసుకుంటే ఏడాదికి 18,000. జనవరిలో గదులు ఖాళీ అయ్యాక మిషను విప్పి శుభ్రం చేసే కూలి 6,000. మూడు అర్ధరాత్రి పిలుపులు, 8,000 చొప్పున 24,000. మొత్తం 48,000, అంటే నెలకు 4,000. “షావుకారుగారూ, పోయినేడు కన్నా మూడువేలు ఎక్కువ. దానికి నెలనెలా గాలి తీస్తాను, ఆయిలు వదులుతాను, బెల్టులు చూస్తాను. నాలుగో పిలుపు నుంచి కూలి వేరు. సామాన్లు, గ్యాసు, మోటారు వైండింగు ఎప్పుడూ మీవే.” ఇంతకు మించి చెప్పక్కర్లేదు. సందేహిస్తే మూడు నెలలు చూడమనండి, అదీ మార్చిలో మొదలయ్యేలా. చలికాలంలో మొదలుపెట్టిన ప్రయోగంలో మీ పని ఏదీ కంటపడదు.

పిలుపులకు హద్దు పెట్టడానికి మొహమాటపడేవాళ్లే నష్టపోతారు. హద్దు లేకపోతే షావుకారు ఇంట్లో ఏసీ, చేలో బోరు మోటారు కూడా ఆ నాలుగువేలలోకే వచ్చేస్తాయి. మరో హద్దు మీకు మీరే పెట్టుకోవాలి: ఎన్ని స్టోరేజీలు ఒప్పుకోవాలన్నది. అన్నిచోట్లా ఎండ ఒకటే, నిండేదీ ఒకేసారి. మే నెలలో ఒకే రాత్రి చిలకలూరిపేట నుంచీ నరసరావుపేట నుంచీ పిలుపొస్తే ఎవరి దగ్గరికి వెళ్తారు? తోడుగా పనొచ్చిన కుర్రాడు దొరికేదాకా మూడో నాలుగో చాలు.

ఒప్పందం కుదిరాక అసలు చిక్కు మొదలవుతుంది. మీరు బాగా పనిచేస్తే ఏమీ చెడదు, ఏమీ చెడకపోతే మీరేం చేస్తున్నారో ఆయనకు తెలియదు. అందుకే మిషను గదిలో ఒక లాగ్ బుక్కు వేలాడదీయండి. వచ్చిన తేదీ, రెండు గేజీల అంకెలు, గది డిగ్రీలు, చేసిన పని రాసి, కాపలా మనిషి చేత సంతకం పెట్టించండి. పక్కనే ఆ నెల కరెంటు యూనిట్లు. అంకెలు పోల్చేటప్పుడు నిరుటి అదే నెలతోనే పోల్చాలి, ఎందుకంటే ఏప్రిల్ లోడుకూ అక్టోబరు లోడుకూ పోలికే లేదు.

రేటు పెంచమని అడగాల్సి వస్తే ఆ పుస్తకం పట్టుకుని డిసెంబరులో వెళ్లండి. సరుకు బయటికి వెళ్తూ అద్దెలు వసూలవుతుంటాయి, షావుకారు తీరిగ్గా కూర్చుని పేజీలు తిప్పుతాడు.