కడుపులో బిడ్డకు ఏ పాట పాడాలి?

ప్రశ్న: నాకు ఏడో నెల. ఆఫీసు పని ముగిసేసరికి రాత్రి పది దాటుతుంది. పడుకున్నా మనసు కుదురుకోదు. పొట్ట మీద హెడ్‌ఫోన్స్ పెట్టి మొజార్ట్ సంగీతం వినిపిస్తే బిడ్డకు తెలివి పెరుగుతుందని మా అక్క అంటోంది. అత్తమ్మేమో లాలిపాటలు పాడుకోమంటున్నారు. నాకు గొంతు బాగుండదు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: ఈ ఒక్క విషయంలో అత్తమ్మ మాటే వినండి. మొజార్ట్ కథంతా 1993లో అమెరికాలో చేసిన ఒక చిన్న ప్రయోగంతో మొదలైంది. అందులో సంగీతం విన్నది కాలేజీ విద్యార్థులు, కడుపులో బిడ్డలు కాదు. వాళ్లకు కలిగిన ప్రయోజనం కూడా ఒక రకం పరీక్షలోనే, అదీ పావుగంట నిలిస్తే గొప్ప. హెడ్‌ఫోన్స్ పొట్టకు ఆనించవద్దు. లోపలికి ఎంత శబ్దం వెళుతోందో మనకు తెలిసే దారి లేదు. మొజార్ట్ మీకు ఇష్టమైతే గదిలో పెట్టుకుని వినండి. పక్కనున్నవాళ్లతో గొంతు పెంచకుండా మాట్లాడగలిగితే ఆ శబ్దం సరిపోయినట్టే.

ఏడో నెలకు బిడ్డకు వినికిడి వచ్చేసి ఉంటుంది. బయటి శబ్దాలు పొట్ట గోడ, ఉమ్మనీరు దాటి వెళ్లేసరికి మందగిస్తాయి. హెచ్చు స్థాయివి ఎక్కువగా తగ్గిపోతాయి, మంద్రంగా ఉన్నవి బాగా చేరతాయి. మీ గొంతుకు మాత్రం ఇంకో దారి కూడా ఉంది. మీరు పాడుతుంటే ఆ కంపనం మీ ఒంటి గుండానే లోపలికి వెళుతుంది. మాటలు స్పష్టంగా అందవు గానీ రాగం, లయ అందుతాయి. పుట్టి మూడు రోజులైనా కాని పసికందులు పరాయి ఆడవాళ్ల గొంతు కంటే తల్లి గొంతు కోసమే చప్పరించే తీరు మార్చుకున్నారని 1980లో ఒక ప్రయోగం చూపించింది. ఆ తల్లుల్లో ఎవరు గాయనులో, ఎవరు కాదో ఎవరూ అడగలేదు. కాబట్టి గొంతు సంగతి వదిలేయండి.

పాట ఎంపికలో మాత్రం ఒక చిక్కుంది. గర్భసంచి పైకి పెరిగేకొద్దీ ఊపిరికి చోటు తగ్గి, పొడుగు పాదాలకు ఆయాసం వస్తుంది. సినిమా పాటల్లో ఎత్తుకు లేచే చరణాలు ఇప్పుడు పెద్ద శ్రమ. అందుకే జోలపాటే నయం. అన్నమయ్య ‘జో అచ్యుతానంద’ తీసుకోండి. పాదాలు పొట్టివి, పల్లవిలోని ‘జో’ను సాగదీసుకోవచ్చు. చరణాలు చాలానే ఉన్నాయి, మీకు పల్లవి, రెండు చరణాలు చాలు.

పని కట్టేశాక ఫోను పక్క గదిలో పెట్టేయండి. ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకోండి. మీరు మామూలుగా మాట్లాడే స్థాయిలోనే, లేదా ఇంకాస్త కిందకు దించి, పల్లవి ఎత్తుకోండి. ‘జో’ దగ్గర ఊపిరి పూర్తిగా వదిలేదాకా అక్షరాన్ని సాగనివ్వండి, తర్వాత తొందరపడకుండా పీల్చండి. మీకు మనసు కుదురుకునేది ముఖ్యంగా ఈ పొడుగు నిశ్వాసం వల్లే. పదాలు గుర్తురాకపోతే నోరు మూసుకుని కూనిరాగం తీసినా పనవుతుంది. ఆయాసం వస్తే దిండ్లకు ఆనుకుని కూర్చోండి. పది నిమిషాలు చాలు. రోజూ అదే పాట, దాదాపు అదే వేళకు. రోజుకో కొత్త పాట వద్దు. ప్రసవానికి ముందు పదే పదే విన్నదాన్ని బిడ్డలు పుట్టాక గుర్తుపడతారు.

ఇన్ని చేసినా దిగులు, నిద్రలేమి రెండు వారాలు వదలకపోతే పాటతో సరిపెట్టుకోకుండా డాక్టరుకు చెప్పండి.

ప్రశ్న: నేను పాడితే ఒకరోజు బిడ్డ కదులుతోంది, ఒకరోజు ఉలుకూ పలుకూ లేదు. పాట నచ్చలేదా?
– విజయనగరం నుంచి ఒక గర్భిణి

జవాబు: నిద్రపోతూ ఉండవచ్చు. లోపల బిడ్డ ఇరవై, నలభై నిమిషాల చొప్పున నిద్రపోతుంటుంది, ఆ సమయంలో ఎవరు పాడినా కదలదు. నాకు భయం వేరే దగ్గర. రోజూ ఉండే కదలికలు ఆ రోజు తగ్గాయనిపిస్తే, పాట పాడి లేపుదామని గంటలు గడపవద్దు. అర్ధరాత్రయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. పాట పరీక్ష కాదు.

ప్రశ్న: మా ఆవిడకు ఎనిమిదో నెల. నేను పాడితే ఫక్కున నవ్వుతోంది. మానేయనా?
– ఒక కాబోయే తండ్రి, హైదరాబాద్

జవాబు: ఆవిడ నవ్వుతోందంటే మీ పాట పనిచేస్తోంది, మానకండి. అప్పుడే పుట్టిన బిడ్డ తల్లి గొంతును ఎంచుకున్నట్టు తండ్రి గొంతును ఎంచుకోవడం ప్రయోగాల్లో కనబడలేదు, అందుకు చిన్నబుచ్చుకోవద్దు. ఆవిడ పాడే పాటే మీరూ నేర్చుకోండి. బాలింతకు కునుకు పట్టిన రాత్రి బిడ్డను ఎత్తుకుని పాడాల్సింది మీరే.